ఇసుకలో దాక్కున్న ఉప్పు

ఆరో తరగతి సైన్సు చెప్పిన ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఇచ్చే ఉంటారు: "ఇసుక, ఉప్పు, ఇనుప రజను కలిసిన మిశ్రమాన్ని ఎలా వేరు చేస్తారు?" జవాబు కూడా అందరికీ తెలిసిందే. అయస్కాంతంతో ఇనుప రజను తీయాలి, నీళ్లు పోసి ఉప్పును కరిగించాలి, వడకట్టి ఇసుకను వేరు చేయాలి, నీటిని ఇగర్చి ఉప్పును తిరిగి పొందాలి. నాలుగు వాక్యాలు, నాలుగు మార్కులు. నేనూ ఏళ్ల తరబడి ఇదే ప్రశ్న ఇచ్చాను, ఇలాగే మార్కులు వేశాను.

ఒక ఏడాది పరీక్ష అయిపోయిన వారానికి అదే మిశ్రమాన్ని పిల్లల చేతికి ఇచ్చాను. కొత్తగా ఏదో పరీక్షిద్దామన్న ఆలోచనతో చేసిన పని కాదు. రజను మిగిలిపోయింది, పిల్లలు అడిగారు, ఇచ్చాను. పరీక్షలో నాలుగుకు నాలుగు తెచ్చుకున్న ఒక అమ్మాయి మిశ్రమం మీద ముందు నీళ్లు పోసేసింది. తర్వాత అయస్కాంతం పెడితే తడి రజనుతో పాటు బురదలా ఇసుక కూడా అంటుకుని వచ్చింది. ఆ అమ్మాయి దాన్ని చూసి, "టీచర్, పుస్తకంలో ఇలా రాలేదు" అంది. పుస్తకంలో ఏదీ అంటుకోదు, ఏదీ ఒలకదు, ఏదీ మిగిలిపోదు. నేను ఇచ్చిన నాలుగు మార్కులు ఆ వరుస గుర్తున్నందుకు మాత్రమే. ఆ వరుస ఎందుకు అలా ఉందో ఆ అమ్మాయికి తెలుసో లేదో నా ప్రశ్న అడగనే లేదు.

రాతపరీక్షను తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. చేయించి చూసే పరీక్ష ఏం చూపిస్తుందో, ఏం చూపించలేదో, అది మోసం చేసేది ఎక్కడో ఒక్క ఉదాహరణతో వివరంగా చెప్పాలని రాస్తున్నాను.

ఇలా చేయించి చూసే పరీక్షకు వాడే అథెంటిక్ అసెస్‌మెంట్ అన్న మాటను బడుల చర్చలోకి బలంగా తెచ్చినవారిలో అమెరికా విద్యావేత్త గ్రాంట్ విగ్గిన్స్ ఒకరు. 1989లో ఆయన రాసిన వ్యాసాల సారం ఇది: ఒక రంగంలో పనిచేసేవాళ్లు నిజంగా ఎదుర్కొనే పని లాంటిదే పిల్లలకూ ఇవ్వాలి, దేన్ని బట్టి మార్కులు వేస్తామో ముందే చెప్పాలి, వాళ్లు ఎందుకలా చేశారో వాళ్ల చేతే చెప్పించుకోవాలి. ఇలా ఇచ్చే పనినే పర్ఫార్మెన్స్ టాస్క్ అంటున్నాం.

ఈ మాట మన దగ్గరకు వచ్చేసరికి చాలాచోట్ల అర్థం మారిపోయింది. చార్టు మీద నీటి చక్రం బొమ్మ వేసుకు రావడం, థర్మాకోల్‌తో గుండె నమూనా చేసుకు రావడం కూడా ఈ లెక్కలో వేసేస్తున్నారు. అవి చేతిపనులు. వాటిలో పిల్లవాడు ఏదీ తేల్చుకోవలసిన అవసరం రాదు. పైగా సగం పని ఇంట్లో పెద్దవాళ్లు చేస్తారు. ప్రయోగశాల రికార్డు చూసి ఒక్కో మెట్టూ చేయించడం కూడా ఈ కోవలోకి రాదు. మెట్లు మనమే చెప్పేశాక ఇక తెలిసేది మాట వినడం వచ్చా లేదా అన్నదే. ఒక పని ఈ పేరుకు తగినదో కాదో చూడటానికి నేను ఒకటే అడుగుతాను: ఇందులో పిల్లవాడు తనంతట తాను నిర్ణయం తీసుకోవలసిన చోటు ఉందా, ఆ నిర్ణయం తప్పితే ఆ తప్పు అతనికే కనబడే దారి ఉందా?

ఆ మిశ్రమాన్నే తీసుకుని తయారుచేసిన పని ఇది. పిల్లలకు ఇచ్చే కాగితం మీద ఇంతే ఉంటుంది:

> మీకు ఇచ్చిన పొట్లంలో ఇసుక, ఉప్పు, ఇనుప రజను కలిసి ఉన్నాయి. మొత్తం 20 గ్రాములు. ఒక్కోటి ఎంత ఉందో మీరు కనుక్కోవాలి. బల్ల మీద ఉన్న సామాన్లలో మీకు కావలసినవే వాడండి. మొదలుపెట్టే ముందు మీరు ఏం చేయబోతున్నారో, ఎందుకో రాయండి. చేస్తున్నప్పుడు తూచిన ప్రతి బరువూ రాయండి. చివర్లో మూడు బరువులూ చెప్పి, వాటిలో దేన్ని ఎక్కువగా నమ్మవచ్చో, దేన్ని నమ్మలేమో, ఎందుకో రాయండి. దేన్నీ నోట్లో పెట్టుకుని రుచి చూడకూడదు.

పొట్లంలో నేను కలిపేది 12 గ్రాముల ఇసుక, 5 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఇనుప రజను. ఇసుకను ముందే కడిగి ఆరబెట్టాలి. లేకపోతే అందులోని మట్టి వడపోత కాగితాన్ని మూసేస్తుంది, పీరియడ్ అంతా చుక్కలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది. బల్ల మీద అయస్కాంతం, పల్చటి ప్లాస్టిక్ సంచి, రెండు బీకర్లు, గరాటు, వడపోత కాగితాలు, కొలజాడీ, గాజు కడ్డీ, వెడల్పాటి పింగాణీ గిన్నె, రెండు మూడు గాజు పలకలు, ఒక జల్లెడ ఉంటాయి. జల్లెడ కావాలనే పెడతాను. ఉప్పు పలుకులూ ఇసుక రేణువులూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటే జల్లెడ వల్ల ఉపయోగం ఉండదు. అది తెలుసుకుని పక్కన పెట్టడం కూడా నేను చూడాలనుకునే వాటిలో ఒకటి. తూకం మాత్రం 0.1 గ్రాము దాకా చూపించేది ఉండాలి. గ్రాముల్లో మాత్రమే చూపించే తూకంతో 5 గ్రాముల ఉప్పును తూచితే జరిగే పొరపాటే పెద్దదైపోయి, పిల్లల పనిలో తేడా కనబడదు. అలాంటి తూకమే ఉంటే అన్నిటినీ ఐదు రెట్లు చేసి 100 గ్రాముల మిశ్రమం ఇవ్వడం మేలు. అప్పుడు నీళ్లూ ఆ మేరకు పెరుగుతాయి, ఆరబెట్టే సమయమూ పెరుగుతుంది.

రెండు పీరియడ్లు, మధ్యలో ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఉప్పునీటిని మంట మీద పెట్టి మరిగించే పని నేనే చేస్తాను, అదీ గిన్నెలో ఉప్పు పలుకులు కనబడటం మొదలయ్యేదాకానే. ఆ తర్వాత మంట మీద ఉంచితే ఉప్పు చిటపటలాడి గిన్నె బయటికి ఎగురుతుంది. అది ప్రమాదం కూడా, ఎగిరిపోయిన ఉప్పు తూకంలోకి కూడా రాదు. మిగతా నీటిని గాలికి ఆరనివ్వాలి.

ఇప్పుడు ఈ పనిలో అసలు సంగతి ఎక్కడుందో చూద్దాం. పిల్లలు రజను తీశాక మిగిలినదానిలో 20 మిల్లీలీటర్ల నీళ్లు పోశారనుకోండి. 5 గ్రాముల ఉప్పు అందులో సులువుగా కరిగిపోతుంది. అంటే ప్రతి మిల్లీలీటరులోనూ సుమారు పావు గ్రాము ఉప్పు ఉంటుంది. వడకట్టారు, కింద ఉప్పునీరు దిగింది. కానీ నీళ్లన్నీ దిగవు. కాగితం మీది ఇసుక తడిగా ఉంటుంది, ఆ తడి దాదాపు 4 మిల్లీలీటర్లు అనుకుందాం. అది వట్టి నీళ్లు కాదు, ఉప్పునీరే. కాబట్టి ఒక గ్రాము ఉప్పు ఇసుకలోనే ఉండిపోయింది. ఇసుక ఆరాక నీళ్లు పోతాయి, ఆ గ్రాము ఉప్పు ఇసుకతోనే తూకానికి ఎక్కుతుంది. మొత్తం ఉప్పులో ఐదో వంతు కనబడకుండా పోయినట్టే.

ఇసుకను మళ్లీ 20 మిల్లీలీటర్ల నీళ్లతో కడిగితే? ఆ ఒక్క గ్రాము ఇప్పుడు 24 మిల్లీలీటర్లలో పరుచుకుంటుంది. మళ్లీ 4 మిల్లీలీటర్లు ఇసుకలో మిగిలినా వాటిలో ఉండేది ఆ గ్రాములో ఆరో వంతు, అంటే 0.2 గ్రాముల లోపే. మొదటే 40 మిల్లీలీటర్లు ఒకేసారి పోసి ఉంటే మాత్రం ఇసుకలో అర గ్రాము దాకా ఉండిపోయేది. నీళ్లు అవే, రెండుసార్లుగా పోస్తే ఉప్పు ఎక్కువ దిగుతుంది. ఆరో తరగతి పిల్లలు ఈ లెక్క వేయనక్కర్లేదు. "ఇసుక తడిగా ఉందంటే అందులో ఉప్పు కూడా ఉన్నట్టే కదా" అన్న ఒక్క మాట తట్టితే చాలు. ఆ మాట తట్టిందా లేదా అన్నది నా నాలుగు మార్కుల ప్రశ్నలో ఎక్కడా కనబడదు. "వడకట్టి ఇసుకను వేరు చేయాలి" అని రాస్తే ఇసుక ఒక పక్కా ఉప్పు ఒక పక్కా పూర్తిగా విడిపోయినట్టే.

ఒకసారి నా దగ్గరకు వచ్చిన మూడు నోటు పుస్తకాల సంగతి చెబుతాను.

మొదటి పిల్లవాడి లెక్క: రజను 3.4, ఇసుక 12.6, ఉప్పు 3.8. మొత్తం 19.8 గ్రాములు. "మొత్తం దాదాపు 20 వచ్చింది కాబట్టి అన్నీ సరిగ్గా ఉన్నాయి" అని రాశాడు. పుస్తకం చాలా శుభ్రంగా ఉంది. మొదటిసారి చదివినప్పుడు నేను కూడా తల ఊపాను. కానీ ఉప్పు 5 గ్రాములకు గాను 3.8 మాత్రమే వచ్చింది. మొత్తం సరిపోవడానికి కారణం ఉప్పు ఎక్కడికీ పోకపోవడమే. అది ఇసుకలో దాక్కుని ఉంది. రజనుకు కూడా కొంత ఇసుక అంటుకుని వచ్చింది. వస్తువులు తప్పు గిన్నెల్లో ఉన్నా మొత్తం బరువు మారదు. మొత్తం సరిపోతే ఏమీ పోలేదని తెలుస్తుంది, అంతే. వేరు చేయడం సరిగ్గా జరిగిందని దాన్ని బట్టి చెప్పలేం.

రెండో పిల్ల లెక్క: రజను 3.1, ఇసుక 16.8, ఉప్పు 3.9. మొత్తం 23.8. తడి ఇసుకనే తూచేసింది. కింద ఇలా రాసింది: "20 కన్నా ఎక్కువ రాకూడదు. ఇసుక తడిగా ఉంది. నీళ్ల బరువు కూడా వచ్చింది. ఇసుక అంకెను నమ్మకూడదు." పుస్తకం నిండా కొట్టివేతలే. పాత పద్ధతిలో అయితే 12 రావలసిన చోట 16.8 వచ్చినందుకు సున్నా పడేది. కానీ తన అంకెను తానే అనుమానించి, కారణం సరిగ్గా పట్టుకున్నది ఈ పిల్ల ఒక్కతే.

మూడో పిల్లవాడు రజనును ప్లాస్టిక్ సంచి చుట్టిన అయస్కాంతంతో తీశాడు. సంచి తిరగేసి రజనును పళ్లెంలో పరిచి, మళ్లీ ఒకసారి అయస్కాంతంతో ఎత్తాడు. మొదటిసారి అంటుకొచ్చిన ఇసుక కింద రాలిపోయింది. ఇసుకను రెండుసార్లు కడిగాడు. ఆ తర్వాత చేసిన పని చూసి నేను ఆశ్చర్యపోయాను. రెండోసారి కడిగిన నీటి చివరి చుక్కను ఒక గాజు పలక మీద, మామూలు నీటి చుక్కను ఇంకో పలక మీద వేసి రెండూ ఎండలో పెట్టాడు. "మామూలు నీళ్లు కూడా మచ్చ వదులుతాయి టీచర్, అందుకే రెండూ చూడాలి" అన్నాడు. అతని లెక్క రజను 3.1, ఇసుక 12.1, ఉప్పు 4.6. మొత్తం మొదటివాడిలాగే 19.8.

మొదటివాడిదీ మూడోవాడిదీ ఒకే మొత్తం. రాతపరీక్షలో ఇద్దరికీ నాలుగుకు నాలుగే. రెండో పిల్లకు రెండున్నర.

మార్కుల పట్టిక, టీచర్ల మాటల్లో రూబ్రిక్, తయారుచేయడంలో నేను మొదట రెండు పొరపాట్లు చేశాను. మొదటిది, చివరి అంకెలు నిజానికి ఎంత దగ్గరగా ఉన్నాయో దానికి సగం మార్కులు కేటాయించడం. అలా వేస్తే చేయి వణకని పిల్లలకు, మంచి తూకం దొరికిన జట్టుకు లాభం. పైగా అంకెలు దిద్దేయడం మొదలవుతుంది. మొత్తం కచ్చితంగా 20.0 వచ్చిన పుస్తకాలు చూస్తే నాకిప్పుడు అనుమానమే. గిన్నెకూ కాగితానికీ ఎంతో కొంత అంటుకోకుండా ఉండదు.

రెండో పొరపాటు, అయస్కాంతం ముందు వాడకపోతే మార్కులు తీసేయడం. ఒక జట్టు ముందు నీళ్లు పోసి, వడకట్టి, ఇసుకనూ రజనునూ కలిపే ఆరబెట్టి, ఆరాక అయస్కాంతం వాడింది. ఇది కూడా పనిచేసే దారే. కాకపోతే ఉప్పునీటిలో తడిసిన రజను తుప్పు పడుతుంది, తుప్పు పట్టే కొద్దీ గాలిలోని ఆక్సిజన్ చేరి బరువు పెరుగుతుంది. రజను ఎరుపెక్కడం చూసి ఆ జట్టు అదే రాసింది. నా పట్టిక ప్రకారం వాళ్లు తప్పు చేశారు. నిజానికి తప్పు పట్టికలో ఉంది. పుస్తకంలోని ఒకే వరుసను సరైనదిగా పెట్టుకుంటే ఎంత ఖర్చుపెట్టి చేయించినా అది మళ్లీ ఆ పాత ప్రశ్నే అవుతుంది.

ఇప్పుడు మూడే చూస్తాను. ఎంచుకున్న వరుసకు చెప్పిన కారణం, బరువులు రాసిన తీరు, చివరి అంకెలపై ఇచ్చిన తీర్పు. మూడోదానికే ఎక్కువ మార్కులు. అందులో అంకెలు మాత్రమే రాస్తే ఒకటి. "కొంచెం పొరపాటు జరిగి ఉండవచ్చు" లాంటి ఏ ప్రయోగానికైనా అతికే మాట రాస్తే కూడా ఒకటే. ఫలానా చోట ఫలానాది మిగిలిపోయిందని, అందువల్ల ఏ అంకె పెరిగిందో ఏది తగ్గిందో చెబితే రెండు. దాన్ని ఎలా పరీక్షించాలో చెప్పినా, చేసి చూపించినా మూడు. ఈ మూడింటినీ పని మొదలుపెట్టే ముందే పిల్లలకు చదివి వినిపిస్తాను. జవాబేమీ బయటపడిపోదు. ముగ్గురేసి జట్లుగా చేస్తారు కాబట్టి ముందు రాసే ప్రణాళిక, చివర రాసే తీర్పు మాత్రం ఎవరిది వాళ్లే, మాట్లాడకుండా రాయాలి. లేకపోతే జట్టులో ఒకరి బుర్రకు ముగ్గురికి మార్కులు పడతాయి.

నలభై మంది చేస్తుంటే ఒక్క టీచరు అందరినీ ఎలా గమనిస్తారని తోటి టీచర్లు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. 1990ల మొదట్లో అమెరికాలో రిచర్డ్ షావెల్సన్, గెయిల్ బాక్స్టర్, జెరోమ్ పైన్ అనే పరిశోధకులు సరిగ్గా ఈ విషయాన్నే ఐదు, ఆరు తరగతుల పిల్లలతో పరీక్షించారు. ఏ కాగితపు తువ్వాలు ఎక్కువ నీళ్లు పీలుస్తుందో కనుక్కోవడం ఒక పని. మూసి ఉన్న ఆరు పెట్టెల్లో బ్యాటరీలున్నాయో, బల్బుందో, వట్టి తీగ ఉందో బయటి నుంచి వలయం కలిపి తేల్చడం ఇంకో పని. పక్కన నిలబడి గమనించి వేసిన మార్కులకూ, పిల్లలు నోటు పుస్తకంలో రాసుకున్నది చదివి వేసిన మార్కులకూ పెద్దగా తేడా లేదని వాళ్లు చూశారు. అందుకే నేను కూడా పుస్తకాలనే నమ్ముకున్నాను. అందరి పక్కనా నిలబడనక్కర్లేదు. చేస్తున్నప్పుడే రాయమనాలి, ఇంటికి వెళ్లి రాయనివ్వకూడదు.

అదే పరిశోధనలో నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి ఉంది. మార్కులు వేసేవాళ్ల మధ్య తేడా తక్కువే వచ్చింది. కానీ ఒకే పిల్లవాడికి ఒక పనిలో వచ్చిన మార్కులకూ ఇంకో పనిలో వచ్చిన మార్కులకూ చాలా తేడా కనబడింది. తువ్వాళ్ల పని బాగా చేసినవాడు పెట్టెల దగ్గర తడబడవచ్చు. ఒక్క పనిని బట్టి "ఈ పిల్లకు పరిశోధన చేయడం వచ్చు" అని చెప్పడం కుదరదు.

దీన్ని నా తరగతిలోనే చూశాను. గాజు పలకల మీద చుక్కలు పోల్చిన ఆ మూడో పిల్లవాడు రెండు నెలల తర్వాత విద్యుత్ వలయాల పనిలో ఏ పోలికా లేకుండా, ఒక్క బల్బు వెలగలేదని "ఇందులో ఏమీ లేదు" అని రాసేశాడు. బల్బు వెలగకపోవడానికి బ్యాటరీ అయిపోవడం, తీగ సరిగ్గా తగలకపోవడం కూడా కారణాలు కావచ్చని అతనికి తట్టలేదు. ఉప్పు గురించి అతనికి చాలా తెలుసు, ఇంట్లో చేతులు పెట్టి చేసిన అనుభవం ఉంది. వలయాల గురించి లేదు. మొదటి పని చూసి నేను అతని ప్రగతి పత్రంలో "శాస్త్రీయ ఆలోచన చాలా బాగుంది" అని రాసేశాను. రాయవలసింది "మిశ్రమాలను వేరు చేసేటప్పుడు తన ఫలితాన్ని తానే పరీక్షించుకున్నాడు" అని.

రాతపరీక్ష బలం ఇక్కడే తెలుస్తుంది. నలభై నిమిషాల్లో ఇరవై ప్రశ్నలతో యూనిట్ మొత్తాన్ని తడమవచ్చు. ఒక ప్రశ్న పిల్లవాడికి అచ్చిరాకపోయినా మిగతావి సర్దుతాయి. చేయించే పని ఒక్కటి పెట్టడానికే వారం పోతుంది. ఏడాదికి మూడో నాలుగో కుదురుతాయి. మూడు నాలుగు పనులతో పిల్లలను ఒకరి కన్నా ఒకరు ఎక్కువ తక్కువ అని వరుస పెట్టడం అన్యాయం. అందుకే పాస్ ఫెయిల్ తేల్చే చోట, ర్యాంకులు ఇచ్చే చోట వీటి మార్కులు పెద్ద ఎత్తున కలపడాన్ని నేను ఒప్పుకోను. ఒక పాఠంలో ఎవరికి ఏది అర్థం కాలేదో, రేపు ఏం చెప్పాలో తెలుసుకోవడానికి మాత్రం నాలుగు మార్కుల ప్రశ్న కన్నా ఆ ఒక్క పనే నాకు ఎక్కువ చెప్పింది. తరగతిలో చాలామంది కడగడం గురించి ఆలోచించలేదని తెలిశాక, వడపోత పాఠాన్ని తడి ఇసుకతోనే మొదలుపెట్టి మళ్లీ చెప్పాను.

ఈ పని వల్ల నా రాతపరీక్ష కూడా మారింది. "ఎలా వేరు చేస్తారు" అన్న ప్రశ్న తీసేశాను. దాని స్థానంలో ఆ మొదటి పిల్లవాడి అంకెలే ఇస్తున్నాను: 20 గ్రాముల మిశ్రమం, రజను 3.4, ఇసుక 12.6, ఉప్పు 3.8. "మొత్తం సరిపోయింది కాబట్టి ఉప్పు 3.8 గ్రాములే అని ఒక విద్యార్థి అంటున్నాడు. మీరు ఒప్పుకుంటారా? అతను ఇంకా ఏం చేసి చూడాలి?" చేత్తో చేసి చూడని పిల్లలకు ఇది కష్టమైన ప్రశ్నే. చేసినవాళ్లు మాత్రం పెద్దగా ఆలోచించకుండా రాసేస్తారు. పోయినసారి ఆ పరీక్షలో, కొట్టివేతలతో 16.8 రాసిన రెండో పిల్ల జవాబు రెండు వాక్యాలే ఉంది: "ఒప్పుకోను. ఆ ఇసుకలో మళ్లీ నీళ్లు పోసి వడకట్టి, ఒక చుక్క గాజు మీద ఆరబెట్టమనండి, పక్కన మంచినీళ్ల చుక్క కూడా పెట్టమనండి."